జమ 20 లక్షలు, మిగులు 60 వేలు

సహకార సంఘం మహాజన సభలో కార్యదర్శి నివేదిక చదువుతుంటే చాలామంది సభ్యులు భోజనాల వైపు చూస్తుంటారు. తప్పు వాళ్లది కాదు. ఆడిటర్ తయారుచేసిన ఆస్తి అప్పుల పట్టీ కాగితం మీద చూసుకోవడానికి పుట్టింది. ఎడమ వైపు అంకెలు, కుడి వైపు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తేనే దానికి అర్థం. దాన్ని పై నుంచి కిందికి గడగడా చదివితే చెవికి అందేది అంకెల వరుసే. చివర్లో 'ఆమోదమేనా?' అంటే చేతులు లేస్తాయి, మినిట్స్ పుస్తకంలో 'ఏకగ్రీవం' అని పడుతుంది.

1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చాక వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో ఎన్నో మహిళా పొదుపు సంఘాలు ఆ చట్టం కింద నమోదయ్యాయి. ఇలాంటి సంఘాల్లో ప్రభుత్వ వాటా ధనం ఉండదు. ఉన్న డబ్బంతా సభ్యులదే, అప్పు తీసుకునేదీ సభ్యులే. కాబట్టి లెక్క చెవిన పడకపోతే నష్టపోయేదీ వాళ్లే. అలాంటి సంఘాన్ని ఒకదాన్ని ఊహించుకుందాం. 300 మంది సభ్యులు, మనిషికి నెలకు 100 రూపాయల పొదుపు, నూటికి నెలకు రూపాయి వడ్డీ మీద అప్పులు. అంకెలు నేను అల్లినవే. చిక్కులు మాత్రం ఎక్కడైనా ఎదురయ్యేవే.

నేనైతే కార్యదర్శిని మొదట లాభం చదవొద్దంటాను, డబ్బు దగ్గర మొదలుపెట్టమంటాను. 'నిరుడు మార్చి 31 రాత్రికి మన చేతిలో, బ్యాంకులో కలిపి 1,80,000 ఉంది. ఏడాదిలో 20,20,000 వచ్చింది, 19,20,000 పోయింది. ఈ మార్చి 31కి 2,80,000 ఉంది. అందులో బ్యాంకులో 2,74,000, పెట్టెలో 6,000.' ఈ నాలుగు ముక్కలు చెప్పి ఆగాలి. ఒకరు బోర్డు మీద నిరుటి అంకె పక్కన ఈ ఏటి అంకె రాస్తుండాలి. బ్యాంకు పాసు పుస్తకంలో మార్చి 31 పేజీ తెరిచి ముందు వరుసలో ఒకరి చేతికివ్వాలి. అక్కడి అంకె 2,74,000 కాకపోతే ఎందుకు కాదో అప్పుడే చెప్పాలి. మనం ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకుకు చేరలేదన్న కారణం సరైనదే, అయితే ఆ చెక్కు ఎవరిది, ఎంతది, ఏప్రిల్‌లో ఏ తేదీన డబ్బు తీసుకున్నారు అన్నవీ చెప్పగలగాలి.

ఇక్కడే ఒక గొంతు లేస్తుంది: 'ఇరవై లక్షలు వచ్చినయంటిరి, మిగులు అరవై వేలేనా అక్కా?'

సభ మొత్తంలో ఇంతకన్నా మంచి ప్రశ్న రాదు. వచ్చిందంతా ఆదాయం కాదు. ఆ 20,20,000లో 14,20,000 పాత అప్పులు తిరిగొచ్చిన అసలు. 3,60,000 సభ్యులు దాచుకున్న పొదుపు, అంటే సంఘం వాళ్లకు బాకీ పడ్డ డబ్బు. నిజంగా సంపాదించింది వడ్డీ 2,30,000, ప్రవేశ రుసుము, జరిమానాల కింద 10,000, కలిపి 2,40,000. పోయిన వైపూ అంతే. కొత్త అప్పులిచ్చిన 17,50,000, మానేసిన సభ్యులకు తిరిగిచ్చిన 1,20,000 ఖర్చు కిందికి రావు. జీతం, ఆడిట్ ఫీజు, పుస్తకాలు అన్నీ కలిపి 50,000, ఇదే ఖర్చు. మిగిలిన 1,90,000లో సభ్యుల పొదుపు మీద వడ్డీగా 1,30,000 వాళ్ల ఖాతాల్లోనే వేశారు. అలా మిగులు 60,000. ఇంత నెమ్మదిగా చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి.

ఈ మిగులును 87,000గా చూపించడం కూడా సాధ్యమే, అంకె ఒక్కటీ దిద్దకుండానే. ఏడాది పొడవునా బయట ఉన్న అప్పు సగటున 21 లక్షల చిల్లర. దాని మీద రావలసిన వడ్డీ సుమారు 2,57,000. చేతికి వచ్చింది 2,30,000. రాని 27,000ను కూడా ఆదాయంలో కలిపేస్తే మిగులు పెరుగుతుంది, పెట్టెలో మాత్రం పైసా పెరగదు. గడువు లోపల ఉన్న అప్పు మీది వడ్డీ అయితే ఒప్పుకోవచ్చు. రెండేళ్లుగా కట్టనివాళ్ల వడ్డీని ఏటేటా ఆదాయంలో రాసుకుంటూ పోతే మాత్రం సంఘం కాగితం మీద బలుస్తూ లోపల చిక్కిపోతుంది. అందుకే కార్యదర్శి 'వచ్చిన వడ్డీ', 'రావలసిన వడ్డీ' అని రెండు అంకెలు విడివిడిగా చదవాలి. ఒక్కటే చదివితే రెండోది ఎంతని అడగాలి.

తర్వాత అప్పుల పద్దు. నిరుడు 19,80,000, ఈ ఏడు 23,10,000. మొత్తం చదివేసి దాటిపోతే లాభం లేదు. అందులో గడువు దాటింది 1,85,000. అదీ ఏడాది దాటనిది 95,000, ఏడాది దాటింది 90,000 అని విడగొట్టి చదివితేనే జబ్బు ఎంత ముదిరిందో తెలుస్తుంది. బాకీదారుల పేర్లు మైకులో చదివి పరువు తీయాలా అన్నది ఒక పాత తగాదా. నాకైతే సభ్యుల పేర్లు గోడ మీది జాబితాలో ఉంటే చాలనిపిస్తుంది. పాలకవర్గంలో ఉన్నవాళ్ల బాకీలు మాత్రం పేరుతో, పైకి చదవాలి.

వసూలు బాగుందన్న అంకెనూ అలాగే నమ్మేయకూడదు. వ్యవసాయ పరపతి సంఘాల్లో అప్పు తీసుకున్నవాళ్లకు 'బుక్ అడ్జస్ట్‌మెంట్' కొత్త మాట కాదు. మార్చి నెలాఖరున పాత అప్పు కట్టినట్టు రాస్తారు, అదే రోజో మర్నాడో అదే మనిషికి కొత్త అప్పు ఇచ్చినట్టు రాస్తారు. నోటు ఒక్కటీ చేతులు మారదు. మన లెక్కలో 14,20,000 వసూలు, 17,50,000 కొత్త అప్పు అన్నారు కదా. అందులో 3 లక్షలు ఇలాంటి సర్దుబాటే అయితే నిజమైన వసూలు 11,20,000 మాత్రమే. గడువు దాటిన బాకీ కాస్తా గడువు లోపలి అప్పుగా మారి జాబితా నుంచి మాయమవుతుంది. పట్టుకోవడానికి ఒకటే అడగాలి: మార్చి చివరి వారం వసూలెంత, ఆ కట్టినవాళ్లలో పదిహేను రోజుల్లోపు మళ్లీ అప్పు తీసుకున్నవాళ్లెందరు?

ఆడిటర్ చూసినా దొరకనిది ఇంకొకటుంది. సభ్యురాలి పాసు పుస్తకంలో 500 రాసి, సంఘం పుస్తకంలో రాయకుండా మింగేస్తే, సంఘం పుస్తకాలు తమలో తాము చక్కగా సరిపోతాయి. అది బయటపడాలంటే 300 మంది పొదుపు, అప్పు నిల్వల జాబితా సభకు ముందే గోడకు అంటించాలి, ఎవరి పాసు పుస్తకంతో వాళ్లు పోల్చుకోవాలి. జాబితా అడుగున ఉన్న పొదుపు మొత్తం, కార్యదర్శి చదివే 23,70,000 ఒకటే కావాలి. నిరుటి 20,00,000కు ఈ ఏటి పొదుపు, వడ్డీ కలిపి, తిరిగిచ్చింది తీసేస్తే వచ్చేదీ అదే.

ఇక మిగులు పంపకం. 60,000 పంచేద్దామని ఎవరో ఒకరు అంటారు. తలకు 200 వస్తుంది. దానికి జవాబుగా కార్యదర్శి రెండు అంకెలు మళ్లీ చదివితే సరిపోతుంది. ఈ 60,000 కలిపితే నిధులు 2,20,000. ఏడాది దాటిన బాకీ 90,000. అదంతా మునిగినా నిధుల్లో 1,30,000 మిగిలి, పొదుపు జోలికి రాదు. పంచేస్తే మిగిలేది 70,000 మాత్రమే. గడువు దాటిన 1,85,000 మొత్తం మునిగితే? పంచకుండా ఉంచిన నిధులు దాన్ని కాస్తాయి. పంచేస్తే 25,000 పొదుపులోంచి కోసుకోవాలి. ఈ లెక్క బోర్డు మీద వేశాక ఓటింగు పెట్టాలి. మినిట్స్‌లో 'లెక్కలు ఆమోదించడమైనది' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, మిగులు ఎంత, ఏ నిధికి ఎంత, ఎవరు ఏమి అడిగారు, ఏమి జవాబు వచ్చింది అన్నవీ రాసి, సభ ముగియకముందే చదివి వినిపించాలి.