కమీషన్ ఎంత? దేని మీద? ఎప్పుడు?

ఇంటి స్థలాల బేరాల్లో గొడవ ఎక్కువగా ధర దగ్గర రాదు. ధర కుదిరి, అగ్రిమెంటు రాసుకుని, మిగతా డబ్బు సర్దుకుని, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట డాక్యుమెంట్ రైటర్ బల్ల దగ్గర అందరూ కూర్చున్నప్పుడు వస్తుంది. మధ్యవర్తి తన కమీషన్ అడుగుతాడు. కొన్నాయన మనసులో ఒక లెక్క ఉంటుంది, అమ్మినాయన మనసులో ఇంకొకటి. మొదటి రోజే మాట్లాడుకోవలసిన మాట చివరి రోజుకు మిగిలిపోవడమే దీనికి కారణం.

తెలుగు రాష్ట్రాల్లో పాత ఇళ్లు, స్థలాలు చేతులు మారేటప్పుడు రెండు వైపులా ఒక్కొక్క శాతం అన్నది ఎక్కువగా వినిపించే మాట. అది వాడుక మాత్రమే, చట్టం పెట్టిన రేటు కాదు. 2016లో వచ్చిన రెరా చట్టం రిజిస్టరైన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంట్లు తామూ రిజిస్టర్ కావాలని చెప్పింది కానీ కమీషన్ ఇంత అని నిర్ణయించలేదు. ఒక వ్యక్తి తన సొంత స్థలాన్ని ఇంకొకరికి అమ్ముకునే బేరం అసలు ఆ చట్టం కిందికే రాదు. కాబట్టి శాతం ఎంతన్నది ముగ్గురూ కూర్చుని తేల్చుకోవలసిందే.

హనుమకొండలో 200 గజాల స్థలం ఒకటి అమ్మకానికి ఉందనుకుందాం. యజమాని గజం 25,000 చెబుతున్నాడు. మధ్యవర్తి ఒక పార్టీని తెచ్చాడు. నాలుగుసార్లు కూర్చున్నాక 24,000కు బేరం తెగింది. మొత్తం 48 లక్షలు. ఒక్కొక్క శాతం చొప్పున అమ్మినాయన 48,000, కొన్నాయన 48,000 ఇస్తారు. మధ్యవర్తికి మొత్తం 96,000 వస్తుంది.

ఇదే స్థలం ఇంకో పద్ధతిలోనూ అమ్ముడుపోతుంది. యజమాని మధ్యవర్తితో, “నాకు గజానికి 22,000 చేతికి రావాలి, పైన ఎంతకు అమ్ముకుంటావో నీ ఇష్టం” అంటాడు. కమీషన్ ఇవ్వక్కర్లేదని ఆయనకు సంతోషం. మధ్యవర్తి కొనేవాళ్లకు 24,000 చెప్పి అమ్ముతాడు. గజానికి 2,000 చొప్పున 200 గజాలకు 4 లక్షలు అతనికి మిగులుతుంది. యజమానికి దక్కిన 44 లక్షల మీద అది తొమ్మిది శాతం దాటింది. కొనేవాళ్ల దగ్గర మళ్లీ విడిగా ఒక శాతం అడిగేవాళ్లూ ఉన్నారు.

ఈ పద్ధతి నిలవాలంటే కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోకూడదు. “పార్టీని నేను చూసుకుంటాను సార్, మీరు రిజిస్ట్రేషన్‌కు వస్తే చాలు” అని మధ్యవర్తి ఇద్దరినీ దూరంగా ఉంచుతున్నాడంటే అనుమానించాలి. ఏజెంటు తనను పెట్టుకున్న మనిషికి తెలియకుండా ఆ వ్యవహారంలో సొంత వ్యాపారం చేసుకుంటే, ఆ లాభాన్ని అడిగే హక్కు ఆ మనిషికి ఉందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 216వ సెక్షన్ చెబుతోంది. “పైనది నీ ఇష్టం” అని యజమానే నోటితో చెప్పేస్తే మాత్రం, తనకు తెలియదని తరువాత వాదించడం కష్టం.

శాతం పద్ధతిలో దాచడానికి ఏమీ ఉండదు. కాకపోతే దానికీ ఒక లోపం ఉంది, దాన్ని రెండు వైపుల వాళ్లూ తెలుసుకోవాలి. గజం ధర 25,000 నుంచి 24,000కు దిగితే యజమానికి 2 లక్షలు తగ్గుతుంది. మధ్యవర్తికి తగ్గేది ఒక్కో వైపు 2,000, మొత్తం 4,000. అంటే అతనికి ధర మీద కన్నా బేరం తెగడం మీదే ఆశ ఎక్కువ. అందుకే కొనేవాళ్ల దగ్గర “ఇంకో లక్ష పెంచండి” అంటాడు, అమ్మేవాళ్ల దగ్గర “ఒక లక్ష దిగండి” అంటాడు. ఇది మోసం కాదు, ఆ పని తీరే అంత. ధర విషయంలో అతని సలహాను ఈ సంగతి గుర్తుంచుకుని వినాలి.

మరి ఒక శాతం న్యాయమేనా? అది చేసిన పనిని బట్టి తేలుతుంది. స్థలం చూపించి ఫోన్ నంబరు ఇచ్చి పక్కకు తప్పుకున్న మనిషి, ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు జిరాక్సు ఇప్పించి, హద్దులు కొలిపించి, రిజిస్ట్రేషన్ దాకా వెంట ఉన్న మనిషి ఒకే రేటు అడగడం సబబు కాదు. బేరం సైజు కూడా చూడాలి. 2 కోట్ల ఇంటికి రెండు వైపులా కలిపి 4 లక్షలవుతుంది. పని మాత్రం 48 లక్షల స్థలానికి చేసినదానికి నాలుగింతలు ఉండదు కాబట్టి అక్కడ అర శాతానికో, ముప్పావు శాతానికో దిగమనడం న్యాయమే. ఊరి చివర 8 లక్షల స్థలానికి ఒక శాతమంటే 8,000. నాలుగైదు వారాలు తిరిగిన మనిషికి అది చాలదు. అలాంటిచోట శాతం పక్కనపెట్టి ఒక మొత్తం అనుకోవడం మేలు.

ఈ లెక్కను చెప్పేటప్పుడు ఇద్దరికీ ఒకే మాటలు పనికిరావు. అమ్మే ఆయనకు కమీషన్ పోగా చేతికి వచ్చేదెంతో చెప్పాలి. 48 లక్షల్లో 48,000 పోతే 47,52,000. ఆ కమీషన్‌కు రసీదు ఉంటే, లాభం మీద పన్ను లెక్కేసేటప్పుడు అమ్మకం ఖర్చుగా చూపించుకోవచ్చు. కొనే ఆయనకు స్థలం కాక అయ్యే మొత్తం ఖర్చు చెప్పాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో ఏడున్నర శాతం, అంటే 3,60,000. దాని పక్కన కమీషన్ 48,000. మధ్యవర్తికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే దాని మీద 18 శాతం చొప్పున ఇంకో 8,640 పడుతుంది. ఇవన్నీ స్థలం చూడటానికి వెళ్లే ముందే తెలిస్తే ఆయన తన బడ్జెట్‌ను దానికి తగ్గట్టు అనుకుంటాడు.

నిజాయితీగా పని చేసే మధ్యవర్తి మొదటి రోజే ఇలా చెబుతాడు: “సార్, మీ దగ్గర ఒక శాతం, వాళ్ల దగ్గర ఒక శాతం తీసుకుంటాను. వాళ్లకూ ఇదే చెప్పాను.” ఈ రెండో వాక్యం చాలా ముఖ్యం. రెండు వైపులా తీసుకుంటున్న సంగతి ఇద్దరికీ తెలిస్తే తరువాత “అటు కూడా లాగాడు” అనే మాట రాదు. ఇద్దరు మధ్యవర్తులుంటే సాధారణంగా ఎవరి పార్టీ దగ్గర వాళ్లు తీసుకుంటారు. ముగ్గురు, నలుగురైనా కొనేవాళ్ల శాతం పెరగకూడదు, ఉన్నదాన్నే వాళ్లు పంచుకోవాలి.

ఇక ఎప్పుడు ఇవ్వాలన్నది. వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు డబ్బు బాకీ పడదని అదే చట్టం 219వ సెక్షన్ అంటుంది. అయితే పని పూర్తయిందని ఎప్పుడనాలి? బయానా ఇచ్చిన రోజా, రిజిస్ట్రేషన్ రోజా? తగాదా అక్కడే మొదలవుతుంది. సగం అగ్రిమెంటు రోజు, సగం రిజిస్ట్రేషన్ రోజు అనుకుంటే ఎవరికీ భారం ఉండదు. టైటిల్‌లో లోపం బయటపడి బేరం ఆగిపోతే కొనేవాళ్లిచ్చిన సగం తిరిగి రావాలని, కొనేవాళ్లే మనసు మార్చుకుంటే ఆ సగం మధ్యవర్తికే ఉండాలని కూడా ముందే రాసుకోవాలి.

హనుమకొండ స్థలానికైతే ఒక కాగితం మీద నాలుగు వరుసలు సరిపోయేవి: ఒక్కో వైపు ఒక శాతం, నిజంగా కుదిరిన ధర మీద, అగ్రిమెంటు రోజు 24,000, రిజిస్ట్రేషన్ రోజు 24,000, బేరం ఆగితే ఎవరి వల్ల ఆగితే ఏమవుతుంది, డబ్బు బ్యాంకు ద్వారానే, రసీదుతో. కింద మూడు సంతకాలు, ముగ్గురి దగ్గరా తలా ఒక జిరాక్సు.