కొత్తగా దిగినవాళ్లకు తొలి కబురు

ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చిందంటే అపార్ట్‌మెంట్ల ముందు సామాన్ల లారీలు ఆగడం మొదలవుతుంది. బడులు తెరిచే ముందు మే, జూన్‌లలోనూ అంతే. లారీ నుంచి ఫ్రిజ్ దిగేలోపే సొసైటీ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ గారి స్వాగతం పడిపోతుంది. అది సాధారణంగా ఇలా ఉంటుంది:

"మన అపార్ట్‌మెంట్ కుటుంబంలోకి 302లో కొత్తగా దిగిన దంపతులకు హార్దిక స్వాగతం 🎉🎉🎉💐💐💐🙏🙏🙏. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి పార్సిళ్లు వస్తే పక్కవాళ్లు తీసి పెట్టగలరు. మెయింటెనెన్స్ 5వ తారీఖులోపు కట్టాలి. నియమాలు తప్పక పాటించగలరు."

రాసినాయన మనసు మంచిదే. కానీ ఫ్లాటు నంబరుతో సహా ఆ ఇల్లు పగలంతా తాళం వేసి ఉంటుందని చాటింపు వేసినట్టయింది. ఎనభై ఫ్లాట్ల గ్రూపులో ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయిన అద్దెవాళ్లు ఉంటారు, ఫ్లాటు అమ్మేసిన ఓనర్లు ఉంటారు, ఒక్కోసారి ప్లంబరు కూడా ఉంటాడు. ఆ కబురు ఎవరెవరి ఫోన్లలో పడిందో సెక్రటరీకే తెలియదు. పైగా కొత్తవాళ్లకు ఆ రాత్రి పనికొచ్చే ముక్క అందులో ఒక్కటీ లేదు. తాగే నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పకుండా మెయింటెనెన్స్ గడువు చెప్పడం, చుట్టం గుమ్మంలో ఉండగానే భోజనం ఖర్చు అడిగినట్టుంటుంది.

అసలు చిక్కు ఇంకొకటుంది. చాలామంది సెక్రటరీలు ముందు స్వాగతం రాసేసి, గంట తర్వాత తీరిగ్గా నంబరు చేరుస్తారు. గ్రూపులో చేరకముందు నడిచిన సందేశాలు కొత్తగా చేరినవాళ్లకు మామూలుగా కనిపించవు. అంటే ఊరంతా చదివిన స్వాగతం, ఎవరి కోసం రాశారో వాళ్లకు మాత్రం అందదు. వాళ్ల ఫోన్లో మొదట కనబడేది "థాంక్యూ సెక్రటరీ గారూ", "మోటారు ఎవరు ఆపలేదు?" వంటి తోకలే. అందుకని ముందు చేర్చాలి, వాళ్ల పేరు సభ్యుల జాబితాలో కనిపించాక రాయాలి. చేర్చేముందు నోటిమాటగా ఒకసారి అడగడం మర్యాద. గ్రూపులో చేరగానే వాళ్ల ఫోన్ నంబరు సభ్యులందరికీ కనిపిస్తుంది మరి. తెలియనివాళ్లు తమను గ్రూపుల్లో చేర్చకుండా సెట్టింగు పెట్టుకున్నవాళ్లకు ఆహ్వానం లింకు పంపాల్సి వస్తుంది. లింకు పంపేశాం కదా అని వెంటనే స్వాగతం రాసేస్తే మళ్లీ పాత కథే. వాళ్లు లింకు నొక్కి లోపలికి వచ్చేదాకా ఆగాలి.

ఇప్పుడు అదే స్వాగతాన్ని తిరగరాద్దాం. హైదరాబాద్‌లో, మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే అపార్ట్‌మెంటు అనుకుందాం:

"నమస్తే అండీ 🙏
మూడో అంతస్తులో కొత్తగా దిగినవారికి మనందరి తరఫున స్వాగతం 🏡
మంజీరా నీళ్లు రేపు ఉదయం 6 నుంచి 7 వరకు వంటింటి కుళాయిలో వస్తాయి, పట్టి పెట్టుకోండి. తర్వాత రోజు విడిచి రోజు 💧
తడి చెత్త, పొడి చెత్త వేర్వేరు బుట్టల్లో ఉదయం 7.30 లోపు తలుపు బయట పెట్టండి.
ఇంకా సామాను రావాల్సి ఉంటే వాచ్‌మన్‌కు ముందే చెప్పండి, లిఫ్టు లోపల అట్టలు కడతాడు.
ఏం కావాలన్నా నాకు ఫోన్ చేయండి, రాత్రి 9 వరకు పర్వాలేదు 😊
— సెక్రటరీ"

ఇందులో పేరు లేదు, ఉద్యోగం లేదు, ఇంట్లో ఎవరెవరుంటారన్నది లేదు. తమ గురించి ఎంత చెప్పుకోవాలో కొత్తవాళ్లే చెప్పుకుంటారు. "రేపు" అన్న మాట కావాలనే పెట్టింది. రోజు విడిచి రోజు అని మాత్రమే రాస్తే ఏ రోజు నుంచి లెక్కపెట్టుకోవాలో వాళ్లకెలా తెలుస్తుంది? మెయింటెనెన్స్, పార్కింగ్ స్లాట్, ఫంక్షన్ హాలు అద్దె వంటివి గ్రూపు వివరాల్లో రాసిపెట్టి, తర్వాత తీరిగ్గా చూపించవచ్చు. వాటికి తొందరేం లేదు.

బొమ్మలు నాలుగే వాడాం, నాలుగూ వాక్యాల చివరే ఉన్నాయి. దీనికి కారణం ఉంది. చూపు మందగించిన పెద్దవాళ్లు కొందరు ఫోన్ చేతే సందేశాలు చదివించుకుంటారు. ఆ గొంతు ఒక్కో ఎమోజీని పేరు పెట్టి పైకి చదువుతుంది. 💐💐💐🙏🙏🙏 అంటే ఆ పేర్ల దండకమంతా విన్నాకే నీళ్ల మాట చెవిన పడుతుంది. మాట తీసేసి ఆ చోట బొమ్మ పెడితే ఇంకా కష్టం. "రేపు 6కి 💧" అంటే తాగే నీళ్లా, ట్యాంకరా, సంపు కడుగుతారా? విషయం అక్షరాల్లోనే ఉండాలి. బొమ్మ గొంతులోని చనువు వరకే.

ఏ బొమ్మ అన్నదీ చూసుకోవాలి. 🙏 మనకు నమస్కారం, జపాన్‌లో ఎక్కువగా థాంక్స్, ప్లీజ్ అనే అర్థాల్లో నడుస్తుంది. మన గ్రూపుల్లో దాని చిక్కు వేరు. పొద్దున "ఓం శాంతి 🙏💐" అని ఎవరికో నివాళి పడిన గ్రూపులోనే మధ్యాహ్నం "స్వాగతం 🙏💐" అని పడితే, పైపైన చూసుకుపోయేవాళ్లు తికమకపడతారు. ఎవరైనా పోయిన కబురు అదే రోజు ఉంటే స్వాగతాన్ని మర్నాటికి వాయిదా వేయడమే మేలు. పక్కన 🏡 ఉంటే ఆ పొరపాటుకు తావుండదు. దీపం 🪔, గుడి 🛕 బొమ్మలు 2019లో ఎమోజీల్లో చేరాయి. గృహప్రవేశం అనగానే వాటి మీదికే వేలు పోతుంది. వచ్చినవాళ్లు ఏ మతం వాళ్లో తెలియనప్పుడు ఇంటి బొమ్మ అందరికీ సరిపోతుంది. అన్నట్టు, పాలు పొంగించడానికి మాత్రం ఇంతవరకు బొమ్మ రాలేదు, గ్లాసుడు పాలతోనే 🥛 సరిపెట్టుకుంటున్నాం.

ఇక మిగతా డెబ్బైతొమ్మిది ఇళ్ల సంగతి. తలా ఒక "వెల్‌కమ్" పెడితే నీళ్ల వేళ ఎక్కడో పైకి పోతుంది, కొత్తవాళ్లు సామాన్లు సర్దుకుంటూ గంటసేపు మోగే ఫోన్‌ను చూసి గ్రూపును మ్యూట్ చేసేస్తారు. 2022 నుంచి వాట్సాప్‌లో సందేశాన్ని నొక్కి పట్టి దాని కిందే ❤️ పెట్టే వీలు వచ్చింది. అలా పెట్టింది కొత్త సందేశంగా పడదు, కొత్తవాళ్ల ఫోన్ మోగదు, సందేశం కదలదు, కిందనున్న అంకె మాత్రం పెరుగుతుంది. సెక్రటరీ ఆ సందేశాన్ని ఏడు రోజులకు పిన్ చేస్తే వారమంతా గ్రూపు పైనే కనిపిస్తుంది. "దయచేసి కిందే గుర్తు పెట్టండి" అని ముందుగా ఒకరిద్దరితో చెప్పి పెట్టించాలి, ఆ తర్వాత మిగతావాళ్లకు చెప్పే పనుండదు.

తెలుగు రానివాళ్లు దిగితే కింద రెండు ముక్కలు హిందీలోనో ఇంగ్లీషులోనో చేరిస్తే చాలు. ముఖ్యంగా నీళ్ల వేళ, ఫోన్ చేయాల్సిన మనిషి. అద్దెకొచ్చినవాళ్లా కొనుక్కున్నవాళ్లా అన్నది మాత్రం ఏ భాషలోనూ రాయనక్కర్లేదు. కొన్ని గ్రూపుల్లో ఓనర్లకు పూలగుత్తులు, అద్దెవాళ్లకు నియమాల జాబితా వెళ్తుంటాయి. చదివేవాళ్లకు ఆ తేడా మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.