కుళాయి ధారను నిలబెట్టే ఎత్తు

పట్టణాల్లో మంచినీళ్ల ట్యాంకును స్తంభాల మీద కట్టడానికి కారణం నీటి పీడనం. నిల్వ ఒక్కటే కావాలంటే అంతే తొట్టిని నేల మీద చాలా తక్కువ ఖర్చుతో కట్టవచ్చు. నేల మీది నీరు మాత్రం తనంతట తాను మేడ మీది కుళాయి దాకా ఎక్కదు. పైకి ఎక్కించి ఉంచిన నీరు ఏ మోటారూ అక్కర్లేకుండా పట్టణమంతా పారుతుంది.

పీడనం నీరు ఎంత ఉందన్న దాన్ని బట్టి కాక, ఎంత ఎత్తున ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. పది మీటర్ల ఎత్తున నిలిచిన నీరు అడుగున ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. ఆ నీరు బొటనవేలంత పైపులో ఉన్నా, చెరువంత తొట్టిలో ఉన్నా ఈ లెక్క మారదు. మేడ మీది ట్యాంకు నీళ్లు కింది వాటాలో జోరుగా పడుతూ, పై వాటాలో షవర్ దగ్గర సన్నగా జారడం ఇందువల్లే. ఇంజనీర్లు కూడా పీడనాన్ని మీటర్లలోనే చెబుతారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ 1999 నాటి మాన్యువల్ ప్రకారం, ఒక అంతస్తు ఇళ్లున్న చోట వీధి పైపులో కనీసం 7 మీటర్ల పీడనం మిగలాలి. రెండంతస్తులకు 12 మీటర్లు, మూడంతస్తులకు 17 మీటర్లు కావాలి.

ఈ పీడనాన్ని రోజంతా నిలపడం తేలిక కాదు. పట్టణం నీళ్లను అన్ని వేళల్లోనూ ఒకేలా వాడదు. తెల్లవారాక స్నానాలు, వంట, అంట్లు, బట్టలు అన్నీ ఒకేసారి మొదలవుతాయి. మధ్యాహ్నానికి వాడకం తగ్గి, సాయంత్రం మళ్లీ కాస్త పెరిగి, అర్ధరాత్రికి దాదాపు ఆగిపోతుంది. 50 వేలలోపు జనాభా ఉన్న పట్టణాల్లో రద్దీ గంట వాడకం సగటుకు మూడు రెట్లు ఉంటుందని అదే మాన్యువల్ లెక్కగడుతుంది.

రోజులో నీటి జమాఖర్చు

ఉదాహరణకు సమతలంగా ఉన్న, 16 వేల జనాభా గల ఒక పట్టణాన్ని తీసుకోవచ్చు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున మొత్తం 21 లక్షల 60 వేల లీటర్లు కావాలి. అంటే సగటున గంటకు 90 వేల లీటర్లు. ఫిల్టర్ బెడ్లు పట్టణానికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నాయని, అక్కడి పంపు రాత్రీపగలూ గంటకు సరిగ్గా 90 వేల లీటర్లే పంపుతుందని అనుకుందాం.

ఉదయం 5 నుంచి 9 వరకు ఈ పట్టణం 8 లక్షల 40 వేల లీటర్లు వాడుతుంది. ఆ నాలుగు గంటల్లో పంపు ఇచ్చేది 3 లక్షల 60 వేలు మాత్రమే. తరుగు పడిన 4 లక్షల 80 వేల లీటర్లు ట్యాంకు నుంచి దిగుతాయి. 9 నుంచి సాయంత్రం 5 వరకు వాడకం ఆరు లక్షలు, పంపు ఇచ్చేది 7 లక్షల 20 వేలు కాబట్టి 1 లక్షా 20 వేలు తిరిగి జమపడతాయి. సాయంత్రం 5 నుంచి 9 వరకు అంతే మొత్తం మళ్లీ ఖర్చవుతుంది. రాత్రి ఎనిమిది గంటల్లో పట్టణం వాడేది 2 లక్షల 40 వేలే. మిగిలిన 4 లక్షల 80 వేలు పైకి చేరి, తెల్లవారుజామున 5 గంటలకు ట్యాంకు మళ్లీ నిండుతుంది.

దీని కోసం ఎవరూ వాల్వు తిప్పక్కర్లేదు. పంపు పోసే దాని కన్నా ఊరు ఎక్కువ వాడితే ట్యాంకులో మట్టం దిగుతుంది, తక్కువ వాడితే ఎక్కుతుంది. రద్దీ గంటలో ఊరికి కావలసిన అదనపు నీరు ముందు రాత్రి పంపు మెల్లగా పైకెక్కించినదే.

ఈ పట్టణానికి ఆరు లక్షల లీటర్ల ట్యాంకు ఉందని, అందులో నీటి లోతు ఐదు మీటర్లని, తొట్టి అడుగు నేలకు 15 మీటర్ల ఎత్తున ఉందని అనుకుంటే, నిండినప్పుడు నీటి మట్టం 20 మీటర్ల దగ్గర ఉంటుంది. ఒక్కో మీటరు లోతులో 1 లక్షా 20 వేల లీటర్లు ఉంటాయి. ఉదయం రద్దీ ముగిసేసరికి 4 లక్షల 80 వేలు ఖర్చయి, మట్టం నాలుగు మీటర్లు దిగి 16 దగ్గర ఆగుతుంది. వాడకం గంట గంటకూ ఎన్నో రెట్లు మారినా, పైనున్న నీటి ఎత్తు మారింది ఐదో వంతే. అడుగున మిగిలిన 1 లక్షా 20 వేల లీటర్లు కరెంటు పోయి పంపు ఆగినప్పుడు కాసేపు ఆదుకుంటాయి.

పైపు తినేసే పీడనం

ట్యాంకు లేకుండా పంపు నుంచి నేరుగా కుళాయిలకు నీళ్లివ్వాలంటే ఏమవుతుందో చూస్తే, దాని పని ఇంకా స్పష్టమవుతుంది. పైపులో పారే నీరు గోడలను రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడిలో పీడనం కొంత ఖర్చవుతుంది. ప్రవాహం రెట్టింపైతే ఈ నష్టం రెట్టింపుతో ఆగదు, దాదాపు మూడున్నర రెట్లకు పెరుగుతుంది. ప్రవాహం మూడు రెట్లయితే నష్టం ఏడున్నర రెట్లు దాటుతుంది.

ఫిల్టర్ బెడ్ల నుంచి వచ్చే మూడు కిలోమీటర్ల పైపు 200 మిల్లీమీటర్ల వ్యాసం కలదైతే, గంటకు 90 వేల లీటర్లు పారేటప్పుడు అందులో సుమారు 11 మీటర్ల పీడనం పోతుంది. ట్యాంకు ఉన్నంత కాలం ఆ పైపులో ప్రవాహం మారదు కాబట్టి ఈ నష్టమూ మారదు. ట్యాంకు లేకపోతే రద్దీ గంటలో అదే పైపు గుండా 2 లక్షల 70 వేల లీటర్లు రావాలి. అప్పుడు రాపిడికే 80 మీటర్లకు పైగా పోతుంది. రాత్రి వాడకం గంటకు 30 వేలకు పడిపోయినప్పుడు పోయేది ఒకటిన్నర మీటరు లోపే. అంటే కుళాయి దగ్గర ధార మారకుండా ఉండాలంటే పంపు తన పీడనాన్ని రోజూ 80 మీటర్ల మేర పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి.

మామూలు సెంట్రిఫ్యుగల్ పంపు స్వభావం దీనికి సరిగ్గా విరుద్ధం. ఎక్కువ నీరు లాగేకొద్దీ అది ఇచ్చే పీడనం తగ్గుతుంది. ఎక్కువ పీడనం కావలసిన వేళకే చేతులెత్తేస్తుంది. రద్దీ గంటకు సరిపడే పంపును పెట్టాలంటే ఈ పైపు మీద దాదాపు పది రెట్ల సామర్థ్యం కావాలి. అంత పెద్ద పంపు మిగతా వేళల్లో దండగ. పైపునే పెద్దది వేస్తే ఆ ఖర్చు మూడు కిలోమీటర్ల పొడవునా పడుతుంది. ట్యాంకు ఉంటే రద్దీ ప్రవాహం ఊళ్లోని పొట్టి పైపులకే పరిమితమవుతుంది. అందుకే ట్యాంకును వాడకందారులకు దగ్గరగా కడతారు.

ఊళ్లోని పైపుల్లోనూ రాపిడి ఉంటుంది. సగటు వాడకంలో చివరి వీధి దాకా అర మీటరు నష్టం ఉంటే, రద్దీ గంటలో అది నాలుగు మీటర్ల దాకా వెళుతుంది. ఉదయం ఏడింటికి ట్యాంకు మట్టం సుమారు 18 మీటర్లకు దిగి ఉంటుంది కాబట్టి, ఆ వీధికి అందేది 14 మీటర్లు. తెల్లవారుజామున 5 గంటలకు 20కి కాస్త తక్కువ. రోజు మొత్తంలో తేడా ఆరు మీటర్లే. రెండంతస్తుల ఇంటికి కావలసిన 12 మీటర్లు ఎప్పుడూ తగ్గవు.

లోతు తక్కువ, విస్తీర్ణం ఎక్కువ

అంతే నీటిని ఐదు మీటర్లకు బదులు మూడు మీటర్ల లోతున్న వెడల్పాటి తొట్టిలో పోస్తే, ఉదయం దిగే మట్టం నాలుగు మీటర్ల నుంచి 2.4కు తగ్గుతుంది. ట్యాంకు వెడల్పయ్యే కొద్దీ ధార మరింత నిలకడగా ఉంటుంది గానీ, అడుగు పలక ఖర్చు పెరుగుతుంది. కోల్‌కతాలో 1911లో పనిలోకి వచ్చిన టాలా ట్యాంకు ఈ రూపానికి పెద్ద ఉదాహరణ. ఉక్కు స్తంభాల మీద సుమారు 110 అడుగుల ఎత్తున ఉన్న ఆ తొట్టిలో 90 లక్షల గ్యాలన్లు, అంటే దాదాపు నాలుగు కోట్ల లీటర్లు పడతాయి. అంత నీరున్నా లోతు మాత్రం ఐదు మీటర్ల దగ్గరే. లోపల నాలుగు గదులున్నందువల్ల ఒకదాన్ని కడిగేటప్పుడు మిగతావి సరఫరా సాగిస్తాయి.

ట్యాంకుకు మించిన పని

ఈ లెక్కలన్నీ కుళాయిల్లో రోజంతా నీళ్లుంటేనే నిలుస్తాయి. మన పట్టణాల్లో చాలాచోట్ల వాల్వు తిప్పి గంటో రెండు గంటలో నీళ్లు వదులుతారు. అప్పుడు రోజుకు సరిపడా నీటిని అందరూ ఒకేసారి పట్టుకోవాలి. పై పట్టణంలో మొత్తం నీటిని రెండు గంటల్లో వదిలితే ప్రవాహం రద్దీ గంట లెక్కకు నాలుగు రెట్లవుతుంది, వీధి పైపుల్లో నష్టం 13 రెట్లవుతుంది. నాలుగు మీటర్ల నష్టం 50 దాటాల్సి వస్తుంది. ట్యాంకులో ఉన్న ఎత్తే 20 మీటర్లు కాబట్టి అంత ప్రవాహం అసలు రాదు. దగ్గరి ఇళ్లకు ధార, చివరి ఇళ్లకు చుక్కలు మిగులుతాయి.

ధార సన్నబడిందని కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. మోటారు లాగినప్పుడు వీధి పైపులో పీడనం సున్నా కన్నా కిందికి పోవచ్చు. అప్పుడు పైపు పగుళ్ల గుండా నీరు బయటికి కారే బదులు, పక్కనున్న మురుగే లోపలికి వస్తుంది.

లోపం ఎక్కడుందో తెలిసేదెలా

చాలా ట్యాంకుల గోడ మీద అంకెల పట్టీ, దాని మీద కదిలే ముల్లు కనిపిస్తాయి. లోపల తేలే బెండుకు కట్టిన తాడు కప్పీ మీదుగా బయటికి వస్తుంది కాబట్టి, నీరు ఎక్కితే ముల్లు దిగుతుంది, నీరు దిగితే ముల్లు ఎక్కుతుంది. దీన్ని ధారతో కలిపి చూస్తే లోపం చాలావరకు తెలిసిపోతుంది.

చివరి వీధిలో ఏడింటికి ధార సన్నగా ఉండి, ట్యాంకు ఇంకా దిగినా పది గంటలకు బాగుపడితే, తప్పు ట్యాంకుది కాదు. పైపు ఇరుకైనదో, తుప్పుతో పూడిందో, ఏదో వాల్వు సగమే తెరిచి ఉందో అని అర్థం. ట్యాంకు పక్క వీధిలో సైతం ముల్లుతో పాటే ధార గంట గంటకూ తగ్గిపోతుంటే నీరే చాలడం లేదు. రాత్రి ఓవర్‌ఫ్లో పైపు నుంచి నీరు పోతూ, ఉదయం ఎనిమిదికే తొట్టి ఖాళీ అయితే పంపు చాలుతోంది, ట్యాంకే చిన్నది.

లీకేజీని పట్టుకోవడానికి రాత్రి వేళ అనువైనది. పై పట్టణంలో రాత్రి 9 తర్వాత గంటకు 60 వేల లీటర్లు మిగులుతాయి కాబట్టి మట్టం గంటకు అర మీటరు చొప్పున పెరగాలి. పంపు సరిగా నడుస్తూ కూడా అది పావు మీటరే పెరిగితే, ఊరు నిద్రపోతుండగా గంటకు 30 వేల లీటర్లు నేల పాలవుతున్నట్టే.