తేయాకు కూలి: రేటుతో పాటు కోటానూ చూడాలి

తేయాకు కోసే వారికి కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట రేటు ఒక్కటే చూస్తే సరిపోదు. రోజువారీ కోటా ఎంతో కూడా తెలియాలి. కోటా దాటాక కోసిన ఆకుకు కిలోకు కాస్త ఎక్కువ ఇస్తారు.

కోటా 25 కిలోలు, అంతవరకు కిలోకు 12 రూపాయలు, ఆపైన 14 రూపాయలు అనుకుందాం. ఒకామె 40 కిలోలు కోసింది. మొత్తాన్నీ 14తో హెచ్చవేస్తే 560 రూపాయలు వస్తుంది, కానీ ఆ లెక్క తప్పు. పెద్ద రేటు చివరి 15 కిలోలకే వర్తిస్తుంది. మొదటి 25 కిలోలకు 300, మిగిలిన వాటికి 210, మొత్తం 510 రూపాయలు. రేట్లు మార్చకుండా కోటాను 30 కిలోలకు పెంచితే అదే ఆకుకు 500 రూపాయలే వస్తాయి.

రోజు కూలి ఇచ్చే తోటల్లోనూ కోటా ప్రభావం ఇలాగే ఉంటుంది. కేరళలోని మున్నార్‌లో 2015లో మహిళా కార్మికులు 'పెంబిళై ఒరుమై' పేరిట సమ్మె చేసి, 232 రూపాయల రోజు కూలిని 500 చేయాలని కోరారు. చివరకు 301 రూపాయలకు ఒప్పందం కుదిరింది. దాంతోపాటే కోటా 21 కిలోల నుంచి 25కి పెరిగింది. కూలి దాదాపు 30 శాతం పెరిగినా, కోటా మేరకు కోసే ఆకుకు కిలో లెక్కన చూస్తే 11.05 నుంచి 12.04 రూపాయలకే చేరింది. అంటే పెరిగింది 9 శాతమే.

తూకం దగ్గర తడికీ, సంచి బరువుకీ చేసే కోత కూడా చిన్నదేమీ కాదు. మన ఉదాహరణలో 2 కిలోలు తగ్గిస్తే పోయేది 24 రూపాయలు కాదు, 28. కోత పడేది పెద్ద రేటు కిలోల మీదే.