కాటాకి అందని మూడు కిలోలు

మేనల్లుడు తయారుచేసి ఫోన్‌లో పెట్టిచ్చిన సరుకుల యాప్‌ని మామయ్య మొదట్లో నమ్మలేదు. కారణం ఉంది. 50 కిలోల కందిపప్పు బస్తాలో 38 కిలోలు అమ్ముడై 12 మిగిలాయని యాప్ చూపింది. కాటా మీద పెడితే 9 కిలోలే తూగింది.

"చూశావట్రా నీ లెక్క!" అన్నాడు.

మేనల్లుడు వాదించలేదు. అరువు పుస్తకం తెరిచి, యాప్‌లోని అమ్మకాలతో ఒక్కో పద్దూ సరిచూశాడు. మామయ్య భోజనానికి వెళ్లినప్పుడల్లా అత్తయ్య అరువిచ్చిన రెండున్నర కిలోలు పుస్తకంలో ఉన్నాయి, ఫోన్‌లో లేవు. మిగతా అరకిలో తరుగు: జల్లిస్తే పోయిన నూక, ఒలికిన పప్పు, కాస్త మొగ్గుగా తూచిన తూకం. విడి సరుకులో అది తప్పదు. లెక్కలో దానికి చోటివ్వకపోవడమే తప్పు. అందుకే యాప్‌లో 'అరువు', 'తరుగు' అని రెండు మీటలు చేర్చాడు.

తర్వాతి బస్తాకి తేడా పావుకిలోకి దిగింది. అయినా మామయ్య నెలపాటు రోజూ రాత్రి తూచాడు. ఆ పట్టుదల నాకు నచ్చింది. తూచి చూడకపోతే ఏ పద్దు జారిపోయిందో తెలిసేది కాదు. ఇప్పుడు ఆదివారాలే తూస్తున్నాడు. సంక్రాంతి ముందు బెల్లం నాలుగు రోజులకే సరిపోతుందని ఫోన్ చెబితే, గోదాములోకి తొంగిచూడకుండానే టౌనుకి కబురు పెట్టాడు.