అత్తగారికి తొలి శ్రావణ నమస్కారం

కొత్త కోడలికి అత్తగారితో మాట్లాడాల్సిన మొదటి పెద్ద పండుగ చాలా ఇళ్లలో వరలక్ష్మీ వ్రతమే. శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం. ఆషాఢమంతా పుట్టింట్లో ఉండి వచ్చిన అమ్మాయి, ఉద్యోగం వల్ల వేరే ఊళ్లో కాపురం పెట్టిన అమ్మాయి ఆ రోజు ఏం చెప్పాలా అని తడబడుతుంది. చివరికి లక్ష్మీదేవి బొమ్మ మీద శుభాకాంక్షలు అచ్చువేసిన చిత్రం ఒకటి పంపేస్తుంది. అదే చిత్రం ఆవిడకి అప్పటికే పదిమంది పంపి ఉంటారు.

మన ఇళ్లలో చిన్నవాళ్లు పెద్దవాళ్లకి నమస్కారం చెబుతారు, పెద్దవాళ్లు దీవిస్తారు. కోడలి పలకరింపు కూడా అలాగే నడిస్తే సహజంగా ఉంటుంది. నా ఉద్దేశంలో అది పండుగ ముందురోజు సాయంత్రమే మొదలవ్వాలి. వ్రతం రోజు పొద్దున్న అత్తగారికి నైవేద్యాల హడావిడి, ఫోను ఎత్తే తీరిక ఉండదు. ముందురోజు ఫోన్ చేసి, "అత్తయ్యగారూ, మనింట్లో కలశం పెట్టే ఆనవాయితీ ఉందా?" అని అడగాలి. కొన్ని ఇళ్లలో కలశం పెట్టరు, పటానికే పూజ చేస్తారు. పుట్టింటి పద్ధతిలో కలశం పెట్టేశాక అడిగితే ఆవిడ నొచ్చుకోవచ్చు. పైగా ఆ ఒక్క ప్రశ్నతో ఆవిడ తన అత్తగారి కాలం నుంచీ మొదలుపెట్టి చెబుతారు.

పూజయ్యాక, మధ్యాహ్నం పంపే నాలుగు మాటలు ఇలా ఉండొచ్చు:

"అత్తయ్యగారికి, మామయ్యగారికి నమస్కారాలు. మీరు చెప్పినట్టే అమ్మవారి పటం పెట్టి పూజ చేసుకున్నాను. 9 పోగుల తోరానికి 9 ముడులు వేసి, ఆయన చేత కట్టించుకున్నాను. మీరు పంపిన చీరే కట్టుకున్నాను. బూరెలు మొదటి వాయి విడిపోయాయి, పిండి కాస్త చిక్కగా కలిపాక బాగా వచ్చాయి. మీకు రవికల గుడ్డ, పసుపు కుంకుమలు తీసి ఉంచాను. ఊరు వచ్చిన రోజు శనగలు నానబెట్టి నా చేత్తో వాయనం ఇస్తాను. మమ్మల్ని ఆశీర్వదించండి."

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. ఆవిడ మాట విన్నట్టు, ఆవిడ చీర కట్టినట్టు, ఆవిడ వాటా తీసి పెట్టినట్టు కనిపిస్తుంది, అంతే. తెలంగాణ ఇళ్లలో "అత్తమ్మా" అని పిలిచే కోడలు ఇదే సంగతిని బతుకమ్మనాడు తన మాటల్లో చెబుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. అత్తవారి వైపు ఎవరైనా పోయి ఏడాది తిరగకపోతే చాలా కుటుంబాలు పండుగ చేసుకోవు. అప్పుడు క్షేమం అడిగితే చాలు. మామగారు లేని ఇంట్లో అయితే పసుపు కుంకుమల ప్రస్తావన, వాయనం మాట అత్తగారి మనసుని గుచ్చవచ్చు. ఇంటి పద్ధతి ముందే భర్తని అడిగి తెలుసుకోవాలి. నమస్కారం, ఆశీర్వదించమనే మాట ఆవిడకి ఎప్పుడూ చెందేవే. వాటిని బంధువులందరూ చూసే వాట్సాప్ గ్రూపులో కాకుండా, నేరుగా ఫోన్ చేసి చెప్పాలి.