ఎదుటివాళ్లకు కనబడని బొమ్మ

కెనడాలో స్థిరపడాలనుకునే మనవాళ్లు ఇంగ్లీషు వచ్చని చూపించుకోవడానికి రాసే పరీక్షల్లో సెల్పిప్ ఒకటి. అందులో మాట్లాడే భాగమంతా కంప్యూటర్‌తోనే. ఎనిమిది ప్రశ్నల్లో మూడోది బొమ్మ. జనంతో నిండిన దృశ్యమేదో తెర మీదికి వస్తుంది. ఆలోచించుకోవడానికి 30 సెకన్లు, చెప్పడానికి 60 సెకన్లు. వింటున్న మనిషికి ఆ బొమ్మ కనబడదు అనుకుని చెప్పాలి.

ఆ సంగతి మరిచిపోతే చెప్పేది సరుకుల చీటీలా తయారవుతుంది. "అబ్బాయి ఉన్నాడు, కుక్క ఉంది, బల్ల ఉంది, చెరువు ఉంది." ఇందులో తప్పేమీ లేదు. అయితే ఆ కుక్క అబ్బాయి పక్కనుందో, చెరువు అవతలుందో వినేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఒక పార్కు బొమ్మ వచ్చిందనుకుందాం. ఎండాకాలం మధ్యాహ్నం, చెరువు పక్కన పార్కు అని ముందు ఒక్క వాక్యంలో చెప్పేయాలి. తర్వాత మనకు దగ్గరగా ఉన్నది. ఎర్రచొక్కా పిల్లాడి చేతిలో ఐస్‌క్రీం ఒరిగిపోతోంది, ఎందుకంటే రెండో చేతిలోని తాడును కుక్క గుంజుతోంది. సగం సమయం ఇక్కడే గడిచినా నష్టం లేదు, బొమ్మకు ప్రాణం ఇదే. వాడి వెనక బల్ల చుట్టూ ఒక కుటుంబం, బల్ల మీద కొవ్వొత్తులు గుచ్చిన కేకు. ఇంకా వెనక చెరువులోంచి పడవను ఒడ్డుకు లాగుతున్న మనిషి, పైన నల్లమబ్బులు. 'వాడి వెనక', 'ఇంకా వెనక' అన్న మాటలే వినేవాళ్లను వెంటబెట్టుకుపోతాయి. అందుకే ఆ 30 సెకన్లలో వాక్యాలు అల్లుకోవడం కన్నా, ఎక్కడ మొదలుపెట్టి ఎటు వెళ్లాలో చూసుకోవడం మేలు.

ఊహ దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. మనం "పుట్టినరోజు కాబోలు", "పుట్టినరోజు చేస్తున్నట్టుంది" అంటాం. అనుమానం వాక్యం చివర చేరుతుంది. ఇంగ్లీషులో 'ఇట్ లుక్స్ లైక్' సాధారణంగా ముందే రావాలి. ఆ అలవాటు లేనివాళ్లు "ఇది పుట్టినరోజు" అని తేల్చేసి, తర్వాత సర్దుకోబోయి తడబడతారు. ఊహ వెంటనే కారణం చెబితే మరో వాక్యం కూడా దొరుకుతుంది: కేకు మీద కొవ్వొత్తులున్నాయి కదా.

మబ్బుల గురించి మాత్రం ఇప్పుడు ఎక్కువ చెప్పకూడదు. నాలుగో ప్రశ్న కూడా ఈ బొమ్మ మీదే వస్తుంది: తర్వాత ఏం జరగవచ్చు? మళ్లీ 30 సెకన్లు, మళ్లీ 60. "వాన పడుతుంది, అందరూ పరుగెత్తుతారు" అని మూడోదానిలోనే చెప్పేసినవాళ్లు ఇక్కడ చెప్పిందే చెబుతూ ఆగిపోతారు. దాచుకున్నవాళ్లకు ఒక్కొక్కరి గురించీ చెప్పడానికి మిగిలే ఉంటుంది. ఐస్‌క్రీం కింద పడుతుంది, కుక్క నాకేస్తుంది, పిల్లాడు ఏడుస్తాడు. చినుకులు మొదలవగానే బల్ల దగ్గర ఎవరో కేకు పళ్లెం ఎత్తుకుని చెట్టు కిందికి నడుస్తారు. పడవ మనిషి అప్పటికే ఒడ్డుకు చేరి ఉంటాడు, వాన రాబోతోందని అందరికన్నా ముందు గమనించినవాడు బహుశా అతనే.